మనిషికి రెండు పాసులు: గ్రాడ్యుయేషన్ డే నేర్పిన ఆరు పాఠాలు

పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2006లో మొదలైంది. 2008లో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఆ రెండింటి చుట్టూ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, వేంపల్లె పల్లెల్లో ఇంటికో ఇంజినీరు తయారయ్యాడు. వీళ్లలో చాలామంది తమ వంశంలో డిగ్రీ పట్టా అందుకుంటున్న మొదటివాళ్లు. అందుకే గ్రాడ్యుయేషన్ డేకి అమ్మానాన్నలతో ఆగరు. అవ్వ, జేజి, మేనమామ, పెళ్లయిన అక్క, ఆమె పిల్లలు, అందరూ బయల్దేరతారు. ఈ ప్రాంతంలోని ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఆ వేడుక పాసుల పంపకం చాలా ఏళ్లు నా మీదే ఉండేది. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

1. ముందు కుర్చీలు లెక్కపెట్టు, తర్వాత పాసులు అచ్చువేయించు

చాలాచోట్ల "తలా మూడు ఇద్దాంలే" అని మీటింగులో అనేస్తారు, తర్వాత హాలు చూస్తారు. లెక్క అటునుంచి రావాలి. ఒక ఏడాది లెక్క ఉదాహరణగా చెప్తాను. హాల్లో కుర్చీలు 850. పాసైన పిల్లలు 300 మంది. అందరూ రారు. కొందరు బెంగుళూరులో ఉద్యోగంలో చేరిపోయుంటారు, కొందరు అమెరికాలో ఎం.ఎస్.లో ఉంటారు. వేడుకకు రెండు వారాల ముందు పేర్లు నమోదు ఆపేస్తే వచ్చేవాళ్లు 236 మంది అని తేలింది. వాళ్లకు 236 కుర్చీలు, టీచర్లకూ స్టాఫుకూ 60, ముందు వరసల్లో ముఖ్య అతిథికీ యాజమాన్యానికీ ప్రెస్సుకూ 40, వాలంటీర్లకు 14. మొత్తం 350. ఇంటివాళ్లకు మిగిలినవి 500.

తలా రెండు చొప్పున 236 మందికి 472. సరిపోతాయి. మూడైతే 708, కుదరదు. కాబట్టి రెండు. నమోదు ఫారంలో "నీకు ఎన్ని కావాలి: 0, 1, 2?" అని ఒక గడి కచ్చితంగా పెట్టాలి. మా లెక్కలో 190 మంది రెండు అడిగారు, 38 మంది ఒకటి చాలన్నారు, 8 మంది ఎవరూ రావడం లేదన్నారు. అంటే ఇవ్వాల్సినవి 418 మాత్రమే. ఈ ఒక్క గడి పెట్టినందుకు 82 కుర్చీలు చేతిలో మిగిలాయి. అదనపు పాసులన్నీ ఈ 82 లోంచే రావాలి. ఇంకెక్కడినుంచీ రావు.

2. అందరికీ ఒకే సంఖ్య అంటే అందరికీ ఒకే సంఖ్యే

గోల్డ్ మెడల్ వచ్చిన పిల్లకు నాలుగు, స్టాఫు కొడుకుకు ఐదు అని మొదలుపెడితే ఆ కబురు సాయంత్రానికి హాస్టలంతా తిరుగుతుంది. అదనంగా దొరకనందుకు పిల్లలు అంతగా బాధపడరు. పక్కవాడికి దొరికిందని తెలిసినప్పుడే మండుతుంది.

మా ప్రాంతంలో సిఫార్సు ఫోన్లకు కొదవుండదు. "ఫలానా ఆయన తాలూకు మనిషి, ఒక ఆరు పాసులు చూడండి సార్" అని వస్తుంది. దానికి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ప్రతి పాసు ఒక విద్యార్థి రోల్ నంబరు మీదే రిజిస్టరులో ఎక్కాలి. ఫోన్ చేసినాయనను మర్యాదగా అడిగేవాణ్ని, "ఏ పిల్లవాడి తరఫున సార్? రోల్ నంబరు చెప్పండి, వాడి పేరు మీద దరఖాస్తు రాసుకుంటాను" అని. సగం ఫోన్లు అక్కడే ఆగిపోయేవి. మిగిలినవి మామూలు దరఖాస్తులతో పాటు వరసలో చేరేవి. యాజమాన్యానికి తప్పనిసరి మనుషులుంటే ముందు వరసల 40 లోనే సర్దుకోవాలి. ఇంటివాళ్ల 500 లోకి ఆ చెయ్యి రానివ్వకూడదు.

3. "రెండు" అంటే అమ్మానాన్న అని రాయొద్దు

పాసు మీద "తల్లి", "తండ్రి" అని అచ్చువేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నాన్న లేని పిల్లవాడు ఆ రెండో పాసు పట్టుకుని మామను తీసుకురావచ్చా అని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి అడగాల్సి వస్తుంది. వాడితో ఆ మాట చెప్పించకూడదు. "అతిథి" అని ఉంటే చాలు. పెంచింది అవ్వయితే అవ్వే వస్తుంది, అన్న చదివిస్తే అన్న వస్తాడు. ఎవరు వస్తున్నారని అడగడం మన పని కాదు.

చంటిపిల్లల సంగతి మాత్రం ముందే రాసిపెట్టాలి. ఒళ్లో కూర్చునే బిడ్డకు పాసు అక్కర్లేదని, విడిగా కుర్చీ కావాల్సిన పిల్లలకు పాసు కావాలని నోటీసులో ఒక వాక్యం. ఆ వాక్యం లేకపోతే గేటు దగ్గర ఐదేళ్ల పిల్లను చూపించి "చంటిది సార్" అంటారు, వాలంటీరు కాదనలేడు, లోపల కుర్చీ చాలదు.

4. ప్రత్యేక కారణాలు కొద్దిగా ఉండాలి, ముందే రాసి ఉండాలి

అదనపు పాసు అడిగే ప్రతివాడి దగ్గరా ఒక కారణం ఉంటుంది, అన్నీ నిజమే. ఏది పెద్దదో ఆఫీసులో కూర్చుని తూచడం మొదలుపెడితే బాగా మాట్లాడగలిగినవాడు గెలుస్తాడు. సిగ్గుపడి ఊరుకున్నవాడు ఓడిపోతాడు.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో హాస్టలు లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు పదో తరగతి గ్రేడ్ పాయింట్లకు 0.4 కలిపే పద్ధతి ఉండేది. ఎవరికి కలుపుతారో దరఖాస్తులు రాకముందే చెప్పారు, కాబట్టి అందరికీ తెలిసే జరిగేది. పాసులకూ అంతే. నేను ఉంచిన కారణం ఒక్కటి. వచ్చే అతిథికి నడవడానికో చూడటానికో తోడు మనిషి తప్పనిసరైతే ఆ తోడుకు ఒక పాసు. డాక్టరు కాగితం అడిగేవాణ్ని కాదు. ఒక వాక్యం రాసి సంతకం పెడితే చాలు. ఆ అతిథికి మెట్లు లేని వైపు, దారి పక్క కుర్చీ రాసిపెట్టేవాళ్లం. ఆ కుర్చీకి ఒప్పుకుంటేనే తోడు పాసు. ఊరికే అడిగేవాళ్లు ఆ షరతు చూసి వెనక్కి తగ్గేవారు.

దూరాన్ని కారణంగా పెట్టలేదు. జమ్మలమడుగు వాళ్లది దూరమే, ఇడుపులపాయ వాళ్లదీ వాళ్ల లెక్కలో దూరమే. అయితే దూరం నుంచి వచ్చేవాళ్లు తుఫాను బండి మాట్లాడుకుంటారు. బండిలో చోటుంది కదా అని పదిమంది ఎక్కుతారు. ఎన్ని పాసులో పదిరోజుల ముందే తెలిస్తే బండిని బట్టి మనుషుల్ని కాకుండా పాసుల్ని బట్టి మనుషుల్ని ఎంచుకుంటారు. అయినా కొందరు వస్తారు. వాళ్లకోసం హాలు పక్కన షామియానా, ఒక పెద్ద టీవీ, మంచినీళ్లు, ఫ్యాన్లు ఉండాలి. మా ఎండల్లో ఇది మర్యాద కోసం కాదు, అవసరం.

5. చీటీలు అందరి ముందూ తీయాలి, చివరి చీటీ దాకా తీయాలి

ఆ 82 కుర్చీల్లో 22 చివరిరోజు అవసరాలకు పక్కన పెట్టాం. పాసు పోగొట్టుకున్నవాళ్లు, చక్రాల కుర్చీ పట్టడానికి తీసేసే కుర్చీలు, అచ్చు తప్పులు, ఇలాంటివి ఎప్పుడూ ఉంటాయి. పంచడానికి మిగిలినవి 60. అడిగినవాళ్లు 71 మంది. అందరూ అడిగినవి కూడితే 134.

మొదటి నియమం: అందరికీ ఒక్కొక్కటి అయ్యేదాకా ఎవరికీ రెండోది లేదు. నాలుగు అడిగినవాడూ ఒకటి అడిగినవాడూ ఇక్కడ సమానం. లేకపోతే ఎక్కువ అడిగితే ఎక్కువ వస్తుందని అందరూ పది రాస్తారు. తోడు మనిషి కారణం ఉన్న 9 మందికి ముందు ఇచ్చాం. మిగిలిన 51 పాసులకు 62 మంది. రోల్ నంబర్ల చీటీలు స్టీలు గిన్నెలో వేసి, ఇద్దరు విద్యార్థి ప్రతినిధుల ముందు తీశాం. తీసిన వరసలోనే బోర్డు మీద రాశాం.

51వ చీటీతో ఆపకూడదు. 62వ దాకా తీయాలి. ఆ చివరి 11 పేర్లే వెయిటింగ్ లిస్టు, వరస నంబర్లతో సహా. అప్పుడు "నీది వెయిటింగ్‌లో నాలుగో నంబరు" అని చెప్పొచ్చు. "చూద్దాం, మళ్లీ రా" అన్న మాట కంటే ఆ నంబరు ఎంతో నయం. "మళ్లీ రా" అంటే పిల్లవాడు రోజూ వస్తాడు, రేపు వాళ్ల మామ కూడా వస్తాడు.

6. మిగిలిన పాసు ఆఫీసుకే తిరిగి రావాలి

అమెరికాలో చదివే మన పిల్లలు చెప్తుంటారు, అక్కడ చాలా యూనివర్సిటీల్లో టిక్కెట్టు అమ్ముకోవడం నిషేధమని. మన దగ్గర డబ్బుకు అమ్మేవాళ్లు తక్కువే. ఇక్కడి ఇబ్బంది స్నేహం. అమ్మ రాలేని పిల్లవాడు తన పాసు రూమ్‌మేటుకు ఇచ్చేస్తాడు. తప్పుడు బుద్ధితో కాదు. కానీ స్నేహితులు ఎక్కువున్నవాడికి ఐదు చేరతాయి, వెయిటింగ్ లిస్టులో ఉన్న ఒంటరి పిల్లకు ఏదీ రాదు. అందుకని వాడని పాసు ముందురోజు మధ్యాహ్నంలోగా ఆఫీసులో ఇవ్వాలని నోటీసులో రాయాలి. పాసు వెనక రోల్ నంబరు ఉండాలి, గేటు దగ్గర రిజిస్టరుతో సరిచూడాలి. ఆ ఏడు 17 పాసులు తిరిగొచ్చాయి. వెయిటింగ్‌లో ఉన్న 11 మందికీ ఒక్కొక్కటి అందింది. మిగిలిన 6 ఇంకా అడిగినవాళ్లకు అదే చీటీల వరసలో రెండోదిగా వెళ్లాయి.

జిరాక్సులు ఎప్పుడూ ఉంటాయి. ఒకే నంబరు పాసు రెండుసార్లు గేటుకొస్తే అప్పుడే తెలుస్తుంది. కాబట్టి స్కానరు లేనిచోట పాసు అంచు చింపి ఉంచుకోవాలి. పాసులు పంచే ముందే వాటి మీద ఆఫీసు ముద్ర కొత్త రంగు సిరాతో కొట్టాలి.

ఊరేగింపు మొదలవడానికి పావుగంట ముందు హాల్లో ఖాళీ కుర్చీలు లెక్కపెట్టించి, షామియానాలో ఉన్నవాళ్లను వచ్చిన వరసలో లోపలికి పంపాలి. అక్కడిదాకానే. నడవలో ప్లాస్టిక్ కుర్చీలు వేయడం, తలుపుల దగ్గర నిలబడనివ్వడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ఏదైనా జరిగి జనం ఒక్కసారిగా లేచినప్పుడు బయటికి దారి అదే.

వేడుక అయిపోయాక లెక్కంతా నోటీసు బోర్డు మీద పెట్టేవాణ్ని. కుర్చీలెన్ని, మొదట ఇచ్చినవెన్ని, చీటీల్లో ఎన్ని, తిరిగొచ్చినవెన్ని, రోల్ నంబర్లతో సహా. పాసు దొరకని పిల్లలే ముందుగా వచ్చి చదివేవారు. చదివాక మళ్లీ ఆఫీసుకొచ్చి అడగాల్సిన ప్రశ్న వాళ్లకు మిగలకూడదు. బోర్డు మీద కాగితం రాసేటప్పుడు ఆ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.