మెయిల్‌లో వీధి అరబ్బీ

ప్రశ్న: కువైట్‌లో డ్రైవర్‌గా పనిచేస్తున్నాను, సెలవుకి ఊరొచ్చాను. అరబ్బీ మాట్లాడతాను, కొంచెం రాస్తాను. జీతం బకాయి గురించి కంపెనీకి మెయిల్ పెడితే గుమాస్తా నవ్వాడట. తప్పెక్కడండీ?
– ఒక పాఠకుడు, గూడూరు, కృష్ణా జిల్లా

జవాబు: మీ మెయిల్ నకలు చూశాను. "తహియ్య తయ్యిబ వ బఅద్" అని చక్కటి ఆఫీసు పలకరింపుతో మొదలుపెట్టి, వెంటనే "అబీ మఆషీ అల్హీన్" అన్నారు. నా జీతం ఇప్పుడే కావాలి అని. కువైట్‌లో నోటిమాటగా ఇది మామూలే కానీ, ఆఫీసు ఉత్తరంలో దబాయింపులా ఉంటుంది. "అర్జూ సర్ఫ్ రాతిబీ" అని రాయండి. నా జీతం చెల్లించమని కోరుతున్నాను అని అర్థం.

అసలు చిక్కు తర్వాతి వాక్యంలో ఉంది. జీతం అందలేదనడానికి మాటల్లో "మా ఇస్తలమ్త్" అంటారు. మీరు దాన్ని గ్రాంథికం చేద్దామని "మా" తీసి "లమ్" పెట్టారు, క్రియను మాత్రం అలాగే వదిలేశారు. "లమ్" తర్వాత భూతకాల క్రియ రాకూడదు. జరిగిపోయిందన్న అర్థాన్ని "లమ్" తానే మోస్తుంది, క్రియ వర్తమాన రూపంలో ఉండాలి: "లమ్ అస్తలిమ్ రాతిబీ". నిజానికి "మా" అలాగే ఉంచినా వ్యాకరణం ఒప్పుకునేది. సగం దిద్దడం వల్లే తప్పయింది.

పంపేముందు "లమ్" ఉన్న ప్రతిచోటా పక్క క్రియ చూడండి. "నేను" అన్న అర్థంలో దాని చివర "త" అక్షరం అంటుకుని ఉంటే చాలావరకు పాత రూపమే మిగిలినట్టు. పొట్టి అచ్చులు ఎలాగూ రాయరు కాబట్టి విభక్తుల గొడవ మీకు పెద్దగా లేదు. ఫోర్‌మన్‌కి వాట్సాప్‌లో అయితే "అబీ" అనే రాయండి, అక్కడ గ్రాంథికమే ఎబ్బెట్టు.