కోర్సు కొనే ముందు లోటు ఎక్కడుందో చూడాలి

శిక్షణ అవసరాలను సంస్థ, పని, వ్యక్తి అనే 3 స్థాయిల్లో పరిశీలించాలని 1961లో మెక్‌గీ, థేయర్ సూచించారు. కృష్ణా డెల్టాలోని ఒక బ్యాంకు శాఖలో కౌలు రైతుల పంట రుణ దరఖాస్తులు తరచూ వెనక్కి వెళ్తున్నాయనుకుందాం. వెంటనే రుణాల కోర్సు కొనడం తొందరపాటు. ముందు ఆ దరఖాస్తులను కారణాలవారీగా విడదీయాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలలకు ఇచ్చే సాగు హక్కు పత్రం గురించి అధికారికి తెలియకపోతే, అది శిక్షణ తీర్చే లోటు. భూయజమాని సంతకం పెట్టక పత్రమే రాకపోతే, ఏ కోర్సూ దాన్ని తీర్చలేదు.

ఇంత పరిశీలనకు తీరిక ఎక్కడిదని అడగవచ్చు. ఒక నమూనా దరఖాస్తు ఇచ్చి పూర్తి చేయమంటే చాలు. అధికారి సరిగ్గా చేస్తే లోటు తెలివిడిలో లేదు, పనిభారంలోనో పద్ధతిలోనో ఉంది.