వారానికి 400 క్లిక్కులే.. ఏ యాడ్ గెలిచిందో చెప్పేదెలా?

డిజిటల్ మార్కెటింగ్ అనలిస్టు ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఏ/బీ టెస్టు గురించి అడగడం మామూలే. పుస్తకాల్లోని ఉదాహరణల్లో క్లిక్కులు లక్షల్లో ఉంటాయి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోని చిన్న సంస్థకు పనిచేసేవారి చేతికి వచ్చేది మాత్రం వారానికి కొన్ని వందలే. ఆ కొద్దిపాటి అంకెలతో సరైన నిర్ణయం చెప్పగలిగినవారికి ఎక్కడైనా విలువ ఉంటుంది. అందుకు వాడే రెండు పద్ధతుల్ని ఒక ఉదాహరణతో చూద్దాం.

భోగాపురంలో ఒక లేఅవుట్

జీఎంఆర్ చేపట్టిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం వల్ల భోగాపురం చుట్టుపక్కల స్థలాల ప్రకటనలు ఫోన్లలోనూ కనిపిస్తున్నాయి. అక్కడ ప్లాట్లు అమ్మే ఒక చిన్న సంస్థ ఉందనుకుందాం. పేరు, అంకెలు అన్నీ మన ఊహే. ఆ సంస్థ రెండు యాడ్‌లు తయారు చేసింది. మొదటిదాంట్లో విమానాశ్రయం ఎంత దూరమో చూపే మ్యాపు ఉంది. రెండోదాంట్లో వీఎంఆర్డీఏ అనుమతి, బ్యాంకు రుణం సంగతి ముందు చెప్పారు. యాడ్ నొక్కినవారు ఫోన్ నంబరు ఇస్తే అది ఒక లీడ్. పాత యాడ్‌లలో నూరు క్లిక్కులకు సుమారు 4 లీడ్‌లు వచ్చేవి. బడ్జెట్‌కు వారానికి 400 క్లిక్కులు వస్తాయి, అంటే ఒక్కో యాడ్‌కు 200.

ఫిక్స్‌డ్ శాంపిల్: లెక్క ముందే తేలాలి

కాలేజీలో నేర్పే పద్ధతి ఇది. ఎంత తేడా పట్టుకోవాలో ముందు నిర్ణయించుకుంటాం. దాన్నిబట్టి ఎన్ని క్లిక్కులు కావాలో లెక్క కడతాం. అన్నీ వచ్చాక ఒక్కసారే ఫలితం చూస్తాం. నిజంగా తేడా లేనప్పుడు ఉందని పొరపడే అవకాశం 5 శాతం, ఉన్న తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం అనుకోవడం వాడుక.

ఈ సంస్థకు ఆ లెక్క ఎలా వస్తుందో చూడండి. లీడ్ రేటు 4 నుంచి 5 శాతానికి పెరిగితే పట్టుకోవాలంటే ఒక్కో యాడ్‌కు సుమారు 6,700 క్లిక్కులు కావాలి. రెండింటికీ కలిపి 34 వారాలు. 4 నుంచి 6 శాతానికైతే ఒక్కోదానికి దాదాపు 1,860, అంటే తొమ్మిది వారాలు దాటుతుంది. రేటు రెట్టింపై 8 శాతం అయితేనే 550 క్లిక్కులతో, మూడు వారాల్లోపు తేలుతుంది. వెతికే తేడా సగమైతే కావలసిన క్లిక్కులు నాలుగు రెట్ల దాకా పెరుగుతాయి. తక్కువ ట్రాఫిక్‌కు అసలు చిక్కు ఇదే.

మూడు వారాలు గడిచాయి. మొదటి యాడ్‌కు 600 క్లిక్కుల్లో 24 లీడ్‌లు, రెండోదానికి 600లో 36. అంటే 4 శాతం, 6 శాతం. రెండు నిష్పత్తుల జడ్-టెస్టు చేస్తే పీ-విలువ 0.11 వస్తుంది. ఈ టెస్టు 1948లో సి.ఆర్.రావు ప్రతిపాదించిన స్కోర్ టెస్టుకు ఒక రూపమే. ఆయన గణితంలో ఎంఏ చదివింది విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే.

0.11 అనేది 0.05 కన్నా ఎక్కువ కాబట్టి ‘రెండు యాడ్‌లూ ఒకటే’ అని రిపోర్టు రాసేవారు చాలామంది. అది తప్పు. ఇదే డేటాకు 95 శాతం విశ్వాస అంతరం కడితే తేడా మైనస్ 0.5 నుంచి ప్లస్ 4.5 శాతం పాయింట్ల దాకా ఉండొచ్చని వస్తుంది. రెండో యాడ్ కొంచెం తీసికట్టు కావొచ్చు, రెట్టింపు మేలూ కావొచ్చు. టెస్టు చెబుతున్నది ‘తేడా లేదు’ అని కాదు, ‘తేల్చడానికి డేటా చాలలేదు’ అని. ఇంటర్వ్యూలో ఈ రెంటికీ తేడా చెప్పలేనివారిని అక్కడే పట్టేస్తారు.

బేయీసియన్: ప్రశ్నే మారుతుంది

యజమానికి పీ-విలువతో పనిలేదు. వచ్చే నెల డబ్బు ఏ యాడ్ మీద పెట్టాలన్నదే ఆయన ప్రశ్న. బేయీసియన్ పద్ధతి ఆ ప్రశ్నకు నేరుగా జవాబిస్తుంది. డేటా రాకముందు లీడ్ రేటు గురించి మనకు తెలిసిందాన్ని ఒక ముందస్తు అంచనాగా రాసుకుంటాం. దీన్నే ప్రయర్ అంటారు. వచ్చిన డేటాను దానికి కలిపితే కొత్త అంచనా, అంటే పోస్టీరియర్ వస్తుంది.

పాత యాడ్‌ల రేటు 4 శాతం. ఆ అనుభవానికి 200 క్లిక్కుల బరువు ఇద్దాం. అంటే 8 లీడ్‌లు, లీడ్ రాని క్లిక్కులు 192. వీటికి కొత్త డేటాను కూడితే చాలు. మొదటి యాడ్‌కు 32, 768 అవుతాయి. రెండోదానికి 44, 756. ఈ జతలే బీటా పంపిణీ కొలతలు. మిగతాది పైథాన్‌లో నాలుగైదు వరుసల పని:

```python
import numpy as np
rng = np.random.default_rng(1)
a = rng.beta(32, 768, 200000)
b = rng.beta(44, 756, 200000)
print((b > a).mean())
print(np.maximum(a - b, 0).mean() * 10000)
print(np.maximum(b - a, 0).mean() * 10000)
```

మొదటి జవాబు సుమారు 0.92. అంటే రెండో యాడ్ మెరుగైనది అయ్యే సంభావ్యత 92 శాతం. అసలు పనికొచ్చేవి తరువాతి రెండు జవాబులు. వీటిని ఆశించిన నష్టం అంటారు. రెండో యాడ్‌ను ఎంచుకున్నాక అది తప్పని తేలే అవకాశాలన్నిటినీ లెక్కలోకి తీసుకుంటే, 10,000 క్లిక్కులకు సగటున పోయేది సుమారు 4 లీడ్‌లు. మొదటిదాన్నే కొనసాగిస్తే పోయేది సుమారు 154. ఒక్క క్లిక్కుతో వెనక్కి మార్చుకోగల నిర్ణయానికి ఈ లెక్క చాలు. రెండో యాడ్‌కు మారొచ్చు.

పైథాన్ రానివారు స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడిలో `=BETA.INV(RAND(),32,768)`, పక్కన `=BETA.INV(RAND(),44,756)` రాసి కొన్ని వేల వరుసలకు లాగి, రెండో గడి పెద్దదైన వరుసలు ఎంత శాతమో చూస్తే మొదటి జవాబుకు దగ్గరగా వస్తుంది.

మంత్రం కాదు

డేటా అదే, 1,200 క్లిక్కులే. ఒక పద్ధతి తేలలేదంటే, మరొకటి 92 శాతం అంది. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు కాబట్టి ఇక్కడ వైరుధ్యం లేదు. బేయీసియన్ పద్ధతి కొత్తగా సమాచారాన్ని పుట్టించదు. దాన్ని వాడేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త కావాలి.

మొదటిది ప్రయర్. పాత అనుభవమేమీ లేదనుకుని అన్ని రేట్లకూ సమాన అవకాశం ఇస్తే 92 కాస్తా 94 శాతం అవుతుంది. పాత అనుభవానికి 1,000 క్లిక్కుల బరువు ఇస్తే 85కు దిగుతుంది. డేటా తక్కువైనకొద్దీ ప్రయర్ మాటే ఎక్కువ చెల్లుతుంది. ఫలితం చూశాక ప్రయర్ ఎంచుకుంటే నచ్చిన జవాబు తెప్పించుకోవచ్చు. కాబట్టి టెస్టు మొదలవక ముందే దాన్ని తేదీతో సహా రాసిపెట్టాలి. ఆ పాత డేటా ఏ కాలానిదో కూడా చూడాలి. శ్రావణంలో వచ్చిన లీడ్ రేటును మూఢంలో నడిపే యాడ్‌కు ప్రయర్‌గా పెడితే అంచనా అక్కడే పక్కదారి పడుతుంది. ముహూర్తాలు లేని రోజుల్లో స్థలాల ఎంక్వయిరీలు ఎలా ఉంటాయో మన ప్రాంతం అనలిస్టుకు తెలిసినంతగా సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

రెండోది తొందర. ఫిక్స్‌డ్ శాంపిల్‌లో మధ్యమధ్యలో ఫలితం చూసి, పీ-విలువ 0.05 కన్నా తగ్గగానే ఆపేస్తే పద్ధతి దెబ్బతింటుంది. అయిదుసార్లు చూస్తే పొరపడే అవకాశం 5 నుంచి దాదాపు 14 శాతానికి, పదిసార్లు చూస్తే 19 శాతానికి చేరుతుంది. ‘బేయీసియన్‌లో ఈ బాధ లేదు, రోజూ చూసుకోవచ్చు’ అని చాలాచోట్ల చెబుతుంటారు. అందులో నిజం సగమే. ప్రయర్ వాస్తవానికి దగ్గరగా ఉంటే ఏరోజు చూసినా ఆ సంభావ్యత అర్థం చెడదు. కానీ అన్ని రేట్లకూ సమాన అవకాశమిచ్చే ప్రయర్‌తో 95 శాతం దాటగానే ఆపడమంటే, దాదాపుగా పీ-విలువ 0.10 దగ్గర ఆపడమే. రోజూ చూస్తూ అలా ఆపితే తేడా లేని యాడ్‌లలోనూ విజేతలు పుట్టుకొస్తారు. పైగా గెలిచిందన్న యాడ్ రేటు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. వచ్చే నెల ఆ అంకె తగ్గగానే యజమాని అడిగేది మిమ్మల్నే.

ఇలా జరుగుతోందో లేదో తేల్చుకునే దారి ఒకటుంది. రెండు యాడ్‌లకూ 4 శాతం రేటే పెట్టి, మీ నియమంతో కంప్యూటర్‌లో వెయ్యి ఉత్తుత్తి టెస్టులు నడపండి. ఎన్నింటిలో విజేత ఉందని వచ్చిందో లెక్కించండి. ఆ సంఖ్య మీకు సమ్మతం కాకపోతే నియమాన్ని కఠినం చేయాలి.

లెక్క కన్నా ముందు

ఏ పద్ధతి వాడినా జనాన్ని రెండు యాడ్‌ల మధ్య యాదృచ్ఛికంగా పంచాలి. ఒకే యాడ్ గ్రూపులో రెండూ పెట్టి వదిలేస్తే గూగుల్, మెటా వ్యవస్థలు బాగా ఆడుతుందనుకున్న యాడ్‌నే ఎక్కువగా, వేరే జనానికి చూపిస్తాయి. అప్పుడు పోల్చేది యాడ్‌లను కాదు, వాటిని చూసిన మనుషులను. రెండు వేదికల్లోనూ ఏ/బీ టెస్టుకు విడిగా సదుపాయం ఉంది, దాన్నే వాడాలి. పూర్తి వారాల లెక్కన నడపాలి, లేకపోతే ఆదివారం ప్రభావం ఫలితంలో కలిసిపోతుంది. నంబరు ఇచ్చినవారిలో సైట్ చూడటానికి వచ్చినవారెందరో కూడా నమోదు చేయాలి. రుణం మాట చూసి నంబరిచ్చినవారు ఎక్కువై, స్థలం చూడటానికి వచ్చేవారు తగ్గితే ఆ 36 లీడ్‌లకు అర్థం మారిపోతుంది.

ఏది ఎప్పుడు?

మార్చితే వెనక్కి తీసుకోవడం ఖరీదైనప్పుడు, బయటివారికి రుజువు చూపాల్సినప్పుడు, కావలసినంత ట్రాఫిక్ ఉన్నప్పుడు ఫిక్స్‌డ్ శాంపిల్ మేలు. ఏదో ఒక యాడ్ నడపక తప్పనప్పుడు, ఎప్పుడైనా మార్చుకోగలిగినప్పుడు, నమ్మదగ్గ పాత డేటా ఉన్నప్పుడు బేయీసియన్ సుఖం. రెండింటికీ వర్తించే మాట ఒకటుంది. ట్రాఫిక్ తక్కువైతే బటన్ రంగు లాంటి చిన్న మార్పుల జోలికి పోవద్దు. మ్యాపా, రుణమా అన్నంత పెద్ద తేడాలనే పరీక్షించాలి.

ఉద్యోగానికి సిద్ధమయ్యేవారు

స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ చేసినవారికి బీటా, ద్విపద పంపిణీలు సిలబస్‌లోనే తగులుతాయి. బీకాం, ఎంబీఏ, బీటెక్ వారు ఈ రెండింటినీ విడిగా నేర్చుకుంటే మొదలుపెట్టొచ్చు. తరువాత తెలిసినవారి దుకాణానికో కోచింగ్ సెంటరుకో ఒక చిన్న టెస్టు నడపండి. దాని మీద ఒక పేజీ నోట్ రాయండి. అందులో ముందే రాసుకున్న ప్రయర్, ఎప్పుడు ఆపాలన్న నియమం, ఎంత నష్టం వరకు సమ్మతమో, వచ్చిన అంకెలు, తీసుకున్న నిర్ణయం ఉండాలి. అదే డేటాకు జడ్-టెస్టు ఏమందో పక్కనే చూపండి. ‘ఈ రెండు జవాబులూ ఎందుకు వేరుగా ఉన్నాయి?’ అని ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. జవాబుగా ఏ పద్ధతినీ వెనకేసుకు రావద్దు. ఏది ఏ ప్రశ్నకు బదులిచ్చిందో, ప్రయర్ మార్చితే మీ నిర్ణయం ఎక్కడ తలకిందులవుతుందో చెప్పండి.