కరపత్రం అచ్చుకిచ్చే ముందు పది మందిని అడగాల్సిన మూడు ప్రశ్నలు

వీడియోలో చూపించిన రెండు కాగితాలు మా పల్లి నూనె కరపత్రం కోసం చేతితో రాసినవి. కల్వకుర్తిలో పది మందిని అడిగాకే ఏది అచ్చు వేయాలో తేల్చుకున్నాం.

మొదటి కాగితం: "జీవామృతంతో పండించిన పల్లీల కోల్డ్ ప్రెస్డ్ నూనె."
రెండోది: "యూరియా, పురుగుమందు వేయకుండా మా చేన్ల పండిన పల్లీలు. కట్టె గానుగలో ఆడించిన నూనె."

ఒక్కో కాగితం ఐదుగురికి చూపించాం. ఒక్కరికే రెండూ చూపిస్తే, మొదటిది చదివి తెలుసుకున్నదానితో రెండోది అర్థం చేసుకుంటారు. అప్పుడు ఏ మాట పనిచేసిందో తెలియదు. చుట్టాలనూ తోటి రైతులనూ అడగొద్దు, వాళ్లకు జీవామృతం ముందే తెలుసు. ఇంటికి నూనె కొనేవాళ్లనే అడగాలి. రెండు వైపులా పాత ఖాతాదారులు, దుకాణంలో కొనేవాళ్లు కలిసి ఉండాలి.

కాగితం చదవనిచ్చి, వెనక్కి తీసుకొని, ఇవి అడగండి:

1. ఇందులో ఏం అమ్ముతున్నరు?
2. దుకాణంల దొరికే నూనెకు, దీనికి తేడా ఏంది?
3. మీకు కావాలంటే ఏం చేస్తరు?

"బాగుందా అక్కా?" అని మాత్రం అడగకండి. మొహం మీద బాగాలేదని ఎవరూ అనరు. మధ్యలో మీరు వివరించొద్దు. వాళ్లు అన్న మాటను అన్నట్టే రాసుకోండి.

మొదటి కాగితం చదివిన ఐదుగురిలో ఇద్దరు "నూనెల జీవామృతం కలుపుతరా?" అన్నారు. అందులో ఒకామెకు అది ఆవు పేడ, మూత్రంతో చేస్తారని తెలుసు. ఇక ఆ నూనె ఆమె కొంటుందా? ఇంకొకరు కోల్డ్ ప్రెస్డ్ అంటే ఫ్రిజ్‌లో పెట్టిన నూనె అనుకున్నారు. రెండో కాగితం చదివిన ఐదుగురూ తేడాను సరిగ్గా చెప్పారు. కానీ మూడో ప్రశ్న దగ్గర ముగ్గురు ఆగిపోయారు, ఎక్కడ దొరుకుతుందో అందులో లేదు కదా!

అందుకే రెండో మాటనే ఉంచి, కింద "ఫోన్ చేస్తే కల్వకుర్తిలో ఇంటికి తెచ్చిస్తాం" అని పెద్ద అక్షరాల్లో నంబరుతో కలిపాం. మార్చిన కాగితాన్ని మళ్లీ కొత్తవాళ్లు ముగ్గురికి చూపించాం. ముగ్గురూ ఫోన్ చేస్తామనే చెప్పారు.

ఐదుగురిలో ఇద్దరు ఒకే తప్పు అర్థం చెబితే ఆ మాట మార్చాల్సిందే. అయితే పది మంది జవాబులతో ఎన్ని లీటర్లు అమ్ముడుపోతాయో లెక్క కట్టలేం, ధర సరైనదో కాదో తేలదు. మన మాట ఎక్కడ తప్పుగా అర్థమవుతోందో మాత్రం దొరుకుతుంది. చేతిరాత కాగితం మీద దిద్దడం సులువు. వెయ్యి కాపీలు అచ్చయ్యాక దిద్దలేం.