లేఖలో నిర్ధారణ, లింకులో సాక్ష్యం

డేటా అనలిస్టు ఉద్యోగానికి పంపే దరఖాస్తు ఈ-మెయిలులో ప్రాజెక్టుల లింకులు చేర్చడం ఇప్పుడు మామూలైపోయింది. అయినా ఆ ప్రాజెక్టు వల్ల ఏం తేలిందో చెప్పే వాక్యం మాత్రం చాలా దరఖాస్తుల్లో కనిపించదు. పైథాన్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ వాడి రిటైల్ డేటాను విశ్లేషించినట్టు, చక్కని డాష్‌బోర్డు తయారుచేసినట్టు రాసి, వివరాలకు కింది లింకులు చూడమనే లేఖ పనిముట్ల పేర్లు చెబుతుందే తప్ప పని గురించి ఏమీ చెప్పదు. అంకెల కుప్పలోంచి పనికొచ్చే ఒక విషయాన్ని తేల్చి, నిర్ణయం తీసుకునేవారి ముందు పెట్టడమే అనలిస్టు పని గనుక, దరఖాస్తు లేఖను ఆ అభ్యర్థి సమర్పించే మొదటి నివేదికగానే చూడవలసి ఉంటుంది. కాబట్టి నిర్ధారణ లేఖలోనే ఉండాలి, లింకు దానికి సాక్ష్యంగా నిలవాలి.

ఇక్కడ రెండు మాటలకు అర్థం చెప్పుకోవాలి. ఒక ప్రాజెక్టుకు సంబంధించిన కోడ్‌ను, వివరణ పత్రాలను, వాటిలో ఎప్పుడెప్పుడు ఏయే మార్పులు జరిగాయో తెలిపే చరిత్రతో సహా భద్రపరిచే చోటును రెపోజిటరీ అంటారు. గిట్‌హబ్‌లో పెట్టేవి ఇవే. లెక్కల ఫలితాలను చార్టులుగా, పట్టికలుగా ఒకే తెరమీద చూపి, చూసేవారు తమకు కావలసిన నెలనో దేశాన్నో ఎంచుకునే వీలు కల్పించేది డాష్‌బోర్డు. మొదటిది లెక్క ఎలా చేశారో చూపుతుంది, రెండోది ఏం వచ్చిందో చూపుతుంది. అయితే వచ్చినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఈ రెండూ వాటంతటవి చెప్పవు కాబట్టి, ఆ బాధ్యత లేఖ మీదే పడుతుంది.

ఈ రంగంలో అడుగుపెట్టేవారు తరచుగా ఎంచుకునే డేటాలలో ఒకటైన ‘ఆన్‌లైన్ రిటైల్’‌ను ఉదాహరణగా తీసుకుంటే విషయం తేటపడుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ ప్రాంగణం నిర్వహించే మెషీన్ లెర్నింగ్ రెపోజిటరీలో ఇది ఉచితంగా దొరుకుతుంది. బ్రిటన్‌లో బహుమతి వస్తువులు అమ్మే ఒక ఆన్‌లైన్ సంస్థలో 2010 డిసెంబరు 1 నుంచి 2011 డిసెంబరు 9 వరకు జరిగిన లావాదేవీలు ఇందులో 5,41,909 వరుసలుగా ఉంటాయి. నెలవారీ అమ్మకాలను గీత చార్టుగా గీస్తే 2011 నవంబరులో సుమారు 14.6 లక్షల పౌండ్లకు చేరిన గీత డిసెంబరులో ఒక్కసారిగా 4.3 లక్షల పౌండ్లకు దిగిపోతుంది. తొందరపడే అభ్యర్థి దీన్ని చూసి, డిసెంబరులో అమ్మకాలు 70 శాతం పడిపోయాయనీ, వెంటనే ప్రచారం పెంచాలనీ లేఖలో రాసేస్తాడు. అంకె సరైనదే, నిర్ధారణ మాత్రం తప్పు. ఈ డేటాలో 2011 డిసెంబరు అంటే తొమ్మిది రోజులే.

ఆ సంగతి గమనించిన అభ్యర్థి నెల మొత్తాన్ని రోజుల సంఖ్యతో భాగిస్తాడు. నవంబరు 30 రోజులకు సగటున రోజుకు దాదాపు 48,700 పౌండ్లు, డిసెంబరు తొమ్మిది రోజులకు దాదాపు 48,200 పౌండ్లు వస్తాయి. అంటే పతనమేమీ లేదు, నవంబరు ఊపే కొనసాగుతోంది. దీనికి అవసరమైన క్వెరీ, అంటే డేటాబేసును అడిగే ప్రశ్న, తేదీలను `2011-12-09 09:15:00` లాంటి రూపంలో నిల్వచేసుకుంటే, ఎస్‌క్యూలైట్‌లో ఇంత చిన్నది:

```sql
SELECT strftime('%Y-%m', InvoiceDate) AS month,
       ROUND(SUM(Quantity * UnitPrice)) AS net_sales,
       MAX(date(InvoiceDate)) AS last_day
FROM online_retail
GROUP BY month;
```

చివరి నెలలో చివరి లావాదేవీ ఏ తేదీన జరిగిందో చూపే `last_day` అన్న ఒక్క నిలువు వరుసే ఇక్కడ తప్పుడు నిర్ధారణను ఆపుతుంది. ఇలాంటి జాగ్రత్త కోడ్‌లో ఉందని చెప్పడానికి లేఖలో ఒక్క వాక్యం చాలు, కానీ ఆ వాక్యం ఉండి తీరాలి.

ఇదే డేటాలో మరో చిక్కు ఇంతకన్నా లోతుగా దాగి ఉంది. రద్దయిన ఆర్డర్ల బిల్లు సంఖ్య ‘C’ అక్షరంతో మొదలవుతుంది, వాటి పరిమాణం రుణసంఖ్యగా ఉంటుంది. డేటాను శుభ్రం చేసే పేరుతో ఆ వరుసలన్నింటినీ తీసేయమని నేర్పే పాఠాలు చాలా ఉన్నాయి. అయితే 2011 డిసెంబరు 9న ఉదయం 9:15కి ‘పేపర్ క్రాఫ్ట్, లిటిల్ బర్డీ’ అనే వస్తువుకు 80,995 నగాల ఆర్డరు నమోదై, పన్నెండు నిమిషాల్లోనే రద్దయింది. రద్దు వరుసను తీసేసి అసలు ఆర్డరును ఉంచితే, ఎన్నడూ జరగని దాదాపు 1,68,470 పౌండ్ల అమ్మకం లెక్కలోకి వచ్చి చేరుతుంది, ఆ కాగితపు పిట్ట సంస్థలో బాగా అమ్ముడయ్యే వస్తువుల జాబితాలో పైకెక్కి కూర్చుంటుంది. డాష్‌బోర్డులో ఈ వస్తువు ముందు వరుసలో కనిపించిందంటే, రద్దులను అసలు ఆర్డర్లతో సరిచూసుకోలేదని డేటా తెలిసిన పరిశీలకుడు రంగుల పొందిక సంగతి పట్టించుకోకుండానే గ్రహించగలడు. పై క్వెరీలో రద్దులను తీసేయకుండా కూడికలో ఉంచడానికి కారణం కూడా ఇదే.

ఇప్పుడు లేఖలోని ప్రధాన పేరా ఏ రూపంలో ఉండాలో చూడవచ్చు. హైదరాబాదు సంస్థలకు వెళ్లే ఇలాంటి లేఖలు సాధారణంగా ఇంగ్లిషులోనే ఉంటాయి గనుక ఇక్కడ దాని సారాన్ని తెలుగులో ఇస్తున్నాం:

“బ్రిటన్‌కు చెందిన ఒక ఆన్‌లైన్ దుకాణం ఏడాది లావాదేవీల విశ్లేషణలో, 2011 డిసెంబరులో కనిపించే 70 శాతం తగ్గుదల నిజమైనది కాదని తేలింది. డేటా 9వ తేదీతో ఆగిపోవడమే అందుకు కారణం. రోజువారీ సగటు నవంబరుతో దాదాపు సమానం. రద్దయిన ఆర్డర్లను అసలు ఆర్డర్ల నుంచి మినహాయించడం జరిగింది. పోస్టేజీ, సర్దుబాటు పద్దులు మొత్తంలో కలిసే ఉన్నాయి. దాదాపు పాతిక శాతం వరుసల్లో కస్టమర్ సంఖ్య లేనందున కస్టమర్ల గురించి ఎలాంటి నిర్ధారణా చేయలేదు. చార్టు డాష్‌బోర్డు మొదటి పేజీలో, క్వెరీ రెపోజిటరీలోని `monthly_sales.sql` ఫైలులో ఉన్నాయి.”

ఈ పేరాలో మొదట నిర్ధారణ, ఆ తర్వాత దానికి ఆధారం, ఆపైన దాని హద్దులు, చివర ఏది ఎక్కడ చూడాలో వచ్చాయి. ఇలాంటి లేఖను చాలా చోట్ల మొదట మానవ వనరుల విభాగం వారు చదువుతారు. వారికి ఎస్‌క్యూఎల్ తెలియనక్కర్లేదు, మొదటి రెండు వాక్యాలు అర్థమైతే లేఖను విశ్లేషణ బృందానికి పంపుతారు. ఆ బృందం నాయకుడు చూసేది మాత్రం హద్దులు చెప్పిన వాక్యాలనే. కస్టమర్ సంఖ్యలు లేని వరుసల గురించి చెబితే ప్రాజెక్టు బలహీనంగా కనిపిస్తుందేమోనని కొందరు జంకుతారు గానీ, అనుభవజ్ఞులకు అది డేటాను స్వయంగా తరచి చూసినవారు రాసిన లేఖ అనడానికి గుర్తు. శిక్షణ సంస్థలో అందరికీ ఒకే ప్రాజెక్టు ఇచ్చినప్పుడు, చార్టులన్నీ ఒకేలా ఉన్నా, ఒక అభ్యర్థిని మరొకరి నుంచి వేరుచేసేవి ఈ వాక్యాలే.

లింకుల విషయంలో జరిగే పొరపాట్లు సాంకేతికంగా చిన్నవే గానీ ఫలితం పెద్దది. గిట్‌హబ్‌లో ప్రైవేటుగా ఉంచిన రెపోజిటరీ యజమానికి మామూలుగానే తెరుచుకుంటుంది, బయటివారికి మాత్రం 404 పేజీ, అంటే అలాంటిదేదీ లేదన్న సందేశం వస్తుంది. పవర్ బీఐలో చిరునామా పట్టీలోని లింకును అలాగే కాపీ చేసి పంపితే అవతలివారిని లాగిన్ అడుగుతుంది. అందరికీ కనిపించేలా వెబ్‌లో ప్రచురించే ఏర్పాటు అందులో వేరుగా ఉంది, సంస్థ ఖాతాలలో దానికి అడ్మిన్ అనుమతి కావలసి రావచ్చు. లుకర్ స్టూడియోలో లింకు ఉన్నవారందరూ చూడవచ్చునన్న అనుమతిని విడిగా ఇవ్వాలి. టాబ్లో పబ్లిక్‌లో ఈ ఇబ్బంది తక్కువ గానీ, అక్కడ పెట్టింది లోకమంతా చూస్తుంది గనుక పాత ఉద్యోగంలోని సంస్థ డేటాను, పేర్లు మార్చి అయినా సరే, అక్కడ పెట్టకూడదు. స్ట్రీమ్‌లిట్ ఉచిత సేవలో ఉంచిన యాప్ కొంతకాలం ఎవరూ తెరవకపోతే నిద్రాణస్థితిలోకి వెళ్లి, మళ్లీ లేపడానికి బటన్ నొక్కమంటుంది. ఆ బటన్ నొక్కేంత ఓపిక అవతలివారికి ఉంటుందని అనుకోవడానికి లేదు. వీటన్నింటికీ పరీక్ష ఒక్కటే: లేఖను ముందుగా తనకే పంపుకొని, ఏ ఖాతాలోనూ లాగిన్ కాని ఇన్‌కాగ్నిటో కిటికీలో ప్రతి లింకునూ తెరిచి చూడటం, ఆ తర్వాత అదే పనిని ఫోనులో చేయడం. పెద్ద తెరకోసం చేసిన డాష్‌బోర్డు ఫోనులో చదవలేనంత చిన్నదైపోతే, ప్రధాన చార్టును బొమ్మగా రెపోజిటరీ మొదటి పేజీలో పెట్టాలి.

ఆ మొదటి పేజీ `README.md` అనే ఫైలు నుంచి వస్తుంది. లేఖలో ఏ నిర్ధారణ ఉందో అదే నిర్ధారణ, అవే అంకెలతో, ఈ ఫైలు తొలి వాక్యాల్లో కనిపించాలి. లేఖ రాసిన తర్వాత లెక్కను సవరించి, లేఖను మార్చడం మరిచిపోయినప్పుడు రెండు చోట్లా రెండు అంకెలు మిగిలిపోతాయి. అనలిస్టు దరఖాస్తులో దీన్ని మించిన లోపం లేదు. నోట్‌బుక్ ఫైళ్లలోని ప్లాట్లీ చార్టులు గిట్‌హబ్ పేజీలో ఖాళీ చోట్లుగా కనిపించవచ్చు గనుక వాటినీ బొమ్మలుగా భద్రపరచడం మేలు.

మిగతా విషయాలు క్లుప్తం. సబ్జెక్టు వరుసలో ఉద్యోగం పేరు, ప్రకటన సంఖ్య ఉంటే అది, అభ్యర్థి పేరు ఉంటే చాలు. రెజ్యూమేను పీడీఎఫ్‌గా జతచేయాలి, డేటా ఫైళ్లను జతచేయనవసరం లేదు. ఆరేడు ప్రాజెక్టుల లింకులను వరుసగా పేర్చితే చదివేవారు వాటిలో దేన్ని తెరుస్తారో అభ్యర్థి చేతిలో ఉండదు, అది అన్నింటికన్నా బలహీనమైనదే కావచ్చు. ఉద్యోగ ప్రకటనకు దగ్గరగా ఉన్న ఒక్క ప్రాజెక్టును ఎంచుకుని, దాని డాష్‌బోర్డు, రెపోజిటరీ లింకులు రెండింటినీ, ఏది దేనికో చెప్పే మాటతో కలిపి ఇవ్వడం మంచిది.

లేఖ పని చేస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిలోంచే వస్తుంది. ఈ డేటాలో శనివారం లావాదేవీలే లేవు కదా, క్యాలెండరు రోజులతో ఎందుకు భాగించారని అడగవచ్చు. అమ్మకాలు జరిగిన రోజులతోనే భాగించినా రెండు నెలల మధ్య తేడా స్వల్పమేనని, నిర్ధారణ మారదని చెప్పగలగాలంటే అభ్యర్థి ఆ లెక్కను ముందే వేసి చూసి ఉండాలి. కాబట్టి పంపే ముందు లేఖలోని ప్రతి అంకె మీదా వేలు పెట్టి, అది ఏ క్వెరీ నుంచి వచ్చిందో చూపగలరో లేదో అభ్యర్థులు పరీక్షించుకోవాలి, చూపలేని అంకెను లేఖలోంచి కొట్టివేయాలి.