రెండు లిపుల బొమ్మల పుస్తకం: తెలుగుతో మొదలుపెట్టండి

కాశిబుగ్గలో డీటీపీ చేసే వాళ్ల చేతికి పెళ్లి కార్డులు, కరపత్రాలతో పాటు ఇప్పుడు ఇంకో రకం పని కూడా రావచ్చు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న బిడ్డ, అల్లుడు తమ పిల్లల కోసం బొమ్మల పుస్తకం చేయించుకుంటారు. ప్రతి పేజీలో పైన తెలుగు, కింద ఇంగ్లీషు ఉండాలంటారు. చూడటానికి చిన్న పనే, కానీ కార్డు పనికి ఉన్న అలవాట్లు ఇక్కడ చెల్లవు.

మొదటి అలవాటు అను ఫాంట్లు. వాటిలో తెలుగు అక్షరాల వెనక ఉండేవి ఇంగ్లీషు కోడ్‌లే. అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే పేజీ అంతా అర్థంలేని ఇంగ్లీషు గుర్తులతో నిండిపోతుంది. ఈ పుస్తకం ఫైలు దేశాలు దాటుతుంది, దిద్దుబాట్లు వాట్సాప్‌లో వస్తాయి. కాబట్టి మొదటి నుంచీ యూనికోడ్‌లోనే చేయండి. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి ఫాంట్ ఉచితం, అమ్మే పుస్తకాల్లోనూ వాడుకోవచ్చు. గీతలు శుభ్రంగా ఉంటాయి కనుక పిల్లల కంటికి పనికొస్తుంది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూకు వెళ్లి `Adobe World-Ready Paragraph Composer` ఎంచుకోండి. అది మరిచిపోతే వత్తులు అక్షరం కింద కూర్చోకుండా విడిపోతాయి.

ఒక పేజీ తీసుకుందాం. బతుకమ్మ పండుగ కథ, అందులో ఒకటే వాక్యం: ‘అమ్మమ్మ బస్‌లో తంగేడు పూలు తెచ్చింది.’ తెలుగులో ఐదు మాటలు, ఇంగ్లీషులో ఏడవుతాయి. చాలామంది ఇంగ్లీషు లైను ముందు పెట్టి, మిగిలిన చోట్లో తెలుగును ఇరికిస్తారు. నేను దీన్ని ఒప్పుకోను. పరాయి దేశంలో పెరిగే పిల్లల కన్ను ముందు తమకు వచ్చిన లిపి మీదికే పోతుంది. తెలుగు చిన్నగా, ఇరుకుగా ఉంటే దాన్ని బొమ్మలో భాగమనుకుని దాటేస్తారు.

అందుకే ముందు తెలుగుకు చోటు కొలవండి. అక్షరం 26 పాయింట్లు, లైనుకూ లైనుకూ మధ్య దూరం 40 పాయింట్లతో మొదలుపెట్టండి. ‘అమ్మమ్మ’లో రెండు మ వత్తులు, ‘తెచ్చింది’లో చ వత్తు కిందికి దిగుతాయి. పై లైను వత్తులు కింది లైను గుడులకు తగిలితే అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలకు ఏది దేనిదో తెలియదు. తగులుతున్నట్టు కనిపిస్తే లైన్ల దూరం ఇంకా పెంచండి, అక్షరాన్ని మాత్రం తగ్గించొద్దు. ఇంగ్లీషుకు 20 పాయింట్లు చాలు. రెంటికీ మధ్య ఒక ఖాళీ లైను వదలండి. మాటను మధ్యలో విరవొద్దు, హైఫనేషన్ ఆపేయండి.

ఇక ‘బస్‌లో’. అక్కడ స్ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉండాలి, యూనికోడ్‌లో దాని నంబరు `U+200C`. అను నుంచి యూనికోడ్‌కు మార్చేటప్పుడు అది జారిపోవచ్చు. అప్పుడు ల వత్తు స కిందికి చేరి ‘బస్లో’ అవుతుంది. స్పెల్‌చెక్ దీన్ని పట్టిస్తుందని నమ్మకండి. ‘కార్‌లో’, ‘ఫోన్‌లో’ లాంటి మాటలన్నీ ఒక్కొక్కటే వెతికి చూసుకోవాలి.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మూడో లైను కూడా కావాలని కొందరు అడుగుతారు. తెలుగు చదవడం రాని తల్లిదండ్రులకు అది నిజంగానే అవసరం. అయితే దాన్ని పేజీలో పెట్టకండి, పుస్తకం చివర పేజీ నంబర్లతో ఒకేచోట ఇవ్వండి. పక్కనే ఉంటే పిల్లలు తెలుగు లిపి జోలికే పోరు.

రంగు విషయం. రెండు భాషల అక్షరాలూ నూరు శాతం నలుపులోనే, బొమ్మ మీద విడి లేయర్‌లో ఉండాలి. ఫోటోషాప్‌లో బొమ్మతో కలిపేసిన అక్షరం నాలుగు రంగుల్లో అచ్చవుతుంది. ప్లేట్లు కొంచెం జరిగినా అంచుల్లో ఎరుపు, నీలం తొంగిచూస్తాయి. ముదురు బొమ్మ మీద తెల్ల అక్షరాలు కూడా వద్దు, సిరా పాకి తెలుగులోని చిన్న సున్నాలు పూడుకుపోతాయి.

పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, 16 లేదా 24 వీలుగా ఉంటాయి. ప్రూఫ్‌ను స్క్రీన్ మీదే చూసి ఓకే అనొద్దని పార్టీకి చెప్పండి. నూరు శాతం సైజులో ప్రింట్ తీసి, పిల్లలతో పైకి చదివించమనండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ లైన్ల దూరమో, వత్తో, మాటల విరుపో సరిచూడండి. మాటర్ ఖాయమయ్యాకే పేజీలు పెడతామని, రెండు ప్రూఫ్‌ల తర్వాత దిద్దుబాటుకు విడిగా డబ్బులని కొటేషన్‌లోనే రాసుకోండి.

పీడీఎఫ్ పంపాక ఓపెన్ ఫైలును ఫాంట్‌తో సహా భద్రంగా దాచండి. రేపు ఆ పార్టీ వాళ్ల బంధువులు జర్మనీ నుంచి అదే పుస్తకాన్ని తెలుగు, జర్మన్‌లలో అడిగితే బొమ్మల మూడు రంగుల ప్లేట్లూ అవే పనికొస్తాయి, నలుపు ప్లేటు ఒక్కటే మారుతుంది. ఈ సంగతి మొదటి ఆర్డరు రోజే పార్టీకి చెప్పండి.