అద్దె ఎంత తగ్గించమని అడగాలి?

చెల్లీ, మీ ఓనరుగారు బిల్డింగ్ రిపేర్లు పెట్టారనీ, నీ కొట్టంతా దుమ్మేననీ, అద్దె ఆపేద్దామనుకుంటున్నావనీ రాశావు. ఆ పని మాత్రం చెయ్యకమ్మా. బకాయి పడితే న్యాయం నీ వైపున్నా ఖాళీ చెయ్యమనడానికి ఆయనకో కారణం దొరుకుతుంది. కడుతూనే తగ్గింపు అడుగు.

విజయవాడలో మా పిన్ని కూతురికి మ్యాచింగ్ సెంటర్ ఉంది. రెండు షట్టర్ల కొట్టు, నెలకు 15,000 అద్దె. రిపేర్లని ముందువైపు పరంజా కట్టి ఆకుపచ్చ వల దించారు. ఒక షట్టరు తెరుచుకోదు, బోర్డు కనపడదు. అన్నిటికన్నా వెలుతురుతో పెద్ద చిక్కొచ్చింది. జాకెట్టు ముక్క చీరకు కలిసిందా అని మనం గుమ్మంలోకి తెచ్చి పగటి వెలుగులో చూసుకుంటాం కదా! ఆ వల కింద నెమలికంఠం రంగేదో, రామా గ్రీనేదో తేలక అందరూ "రేపొస్తాం" అని వెళ్లిపోయేవారు.

"బేరాలు పడిపోయాయి బాబాయిగారూ" అని తన ఓనరుతో అంటే, "వ్యాపారమన్నాక ఉంటాయమ్మా" అన్నారాయన. ఆ మాటకు మన దగ్గర జవాబు లేదు. అందుకే అమ్మకాల సంగతి పక్కన పెట్టి, తను అద్దెకు తీసుకున్నదాంట్లో ఇప్పుడేది అందడం లేదో రాయమన్నాను. మూసి ఉన్న షట్టరు, కనపడని బోర్డు, డ్రిల్లింగ్ మోతకు మధ్యాహ్నం దాకా కొట్టు తీయలేని రోజులు. తేదీలతో రాసి, ఫోటోలు జత చేసింది. అమ్మకాల పుస్తకం సాక్ష్యంగా పనికొచ్చింది, అంతే. అద్దె కట్టే మనిషి ఆటంకం లేకుండా ఆ చోటును అనుభవించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ చెబుతుంది. ఉత్తరంలో ఆ సంగతి ఒక్క వాక్యంలో, మర్యాదగా రాస్తే చాలు. ఎంత తగ్గించాలో మాత్రం ఆ సెక్షన్‌లో ఉండదు, అది మాట్లాడుకుని తేల్చుకోవలసిందే.

తను 9,000 కడతానంది. ఆయన, "ఇప్పుడు సగమే ఇవ్వు, మిగతాది పనయ్యాక ఇద్దువులే" అన్నారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, అది తగ్గింపు కాదమ్మా, అప్పు. పనయ్యాక రెండూ కలిపి నీ నెత్తినే పడతాయి. అడ్వాన్సులో మినహాయించుకుంటానన్నా ఒప్పుకోకు, అదీ నీ డబ్బే.

చివరికి 10,500 దగ్గర తెగింది. పరంజాకు తన బ్యానరు కట్టుకోవడానికీ, డ్రిల్లింగ్ పదకొండు లోపే ముగించడానికీ ఒప్పుకున్నారు. ఈ మాటలన్నీ వాట్సాప్‌లో పెట్టి "సరే" అని ఆయన చేత జవాబు రాయించుకుంది. నెలనెలా రసీదు మీద "తగ్గించిన అద్దె, బాకీ లేదు" అని కూడా రాయించుకుంటోంది.

గడువు దగ్గర జాగ్రత్త. మేస్త్రీ రెండు నెలలంటే నాలుగవుతుంది. అందుకని నెలలు లెక్కపెట్టి రాయకు. పరంజా విప్పి, రెండో షట్టరు తెరుచుకున్న రోజు నుంచే పాత అద్దె అని రాయి.